స్టేజీ వేరు, క్లాసు వేరు, ఈ పూట పరిస్థితి వేరు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుణుపురం. బరంపురంలో ఎంబీబీఎస్ చివరి ఏడాది చదువుతున్నాను. హార్ట్ ఫెయిల్యూర్ ప్రశ్న వస్తే స్టేజీలు, క్లాసులు నాకు కలిసిపోతున్నాయి. మందుల పేర్లన్నీ వచ్చు, కానీ ఏ మందు ఏ స్టేజీలో మొదలుపెట్టాలో, రోగికి ఒక్కసారిగా ఆయాసం ముదిరినప్పుడు ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో చెప్పలేకపోతున్నాను. మొన్న క్లినికల్ పరీక్షలో 'ఊపిరితిత్తుల్లో క్రెపిటేషన్లు లేవు కనుక డీకంపెన్సేషన్ లేదు' అన్నాను, మార్కులు పోయాయి. ఈ అంశాన్ని ఎలా చదవాలో దయచేసి చెప్పండి.

సమాధానం: అమ్మా, ఈ అంశం మీద పరీక్షలో వచ్చే కేసుల్లో చాలా భాగం మూడు వేరువేరు ప్రశ్నలను ఒకే కథలో కలిపి అడుగుతాయి. జబ్బు మొదలైనప్పటి నుంచి ఇప్పటివరకు ఎంత దూరం వచ్చిందన్నది మొదటి ప్రశ్న, దానికి జవాబు స్టేజీ. ఈ రోజుల్లో రోగి ఏ పాటి పని చేసుకోగలుగుతున్నాడన్నది రెండో ప్రశ్న, దానికి జవాబు క్లాసు. ఈ పూట, మీరు మంచం పక్కన నిలబడి చూస్తున్న ఈ గంటలో, ఒంట్లో నీరు చేరి ఉందా, అవయవాలకు రక్తం సరిగా అందుతోందా అన్నది మూడో ప్రశ్న. మొదటిదానికి చరిత్ర చూడాలి, రెండోదానికి రోగి దినచర్య అడగాలి, మూడోదానికి ఒళ్లు పట్టి చూడాలి. మూడింటికీ ఒకే జవాబు వెతకడం వల్లనే కలగాపులగం అవుతుంది. పరీక్షలో ఇచ్చే తీరులోనే ఒక కేసును కూర్చి చెబుతాను, దాన్ని పట్టుకుని చివరిదాకా వెళదాం.

పర్లాకిమిడి దగ్గరి కొండవాలు ఊరి రైతు ఒకాయన, వయసు 58 ఏళ్లు. మూడేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. కోలుకున్న తర్వాత తీసిన ఎకోలో ఎడమ జఠరిక ఎజెక్షన్ ఫ్రాక్షన్ 32 శాతం ఉంది. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆయనకు ఏ ఆయాసమూ లేదు. ఏడాది కిందట పొలం నుంచి ఇంటికి గట్టెక్కి వచ్చేటప్పుడు ఆయాసం మొదలైంది, మందులు పెంచాక చాలావరకు తగ్గింది. ఇప్పుడు ఎనలాప్రిల్ 5 మి.గ్రా. రెండు పూటలా, కార్వెడిలాల్ 6.25 మి.గ్రా. రెండు పూటలా, స్పైరనొలాక్టోన్ 25 మి.గ్రా., డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా., ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా. రోజుకు ఒక్కోసారి వేసుకుంటున్నారు. పది రోజుల కిందట మోకాళ్ల నొప్పులకు మందుల దుకాణంలో డైక్లోఫినాక్ కొనుక్కుని రోజూ రెండు పూటలా మింగారు. అదే వారంలో ఇంట్లో ఎండు చేపల కూర మూడు నాలుగు సార్లు వండుకున్నారు. బరువు 62 కిలోల నుంచి 67 కిలోలకు పెరిగింది. నాలుగు రాత్రులుగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారు.

ముందుగా స్టేజీ. అమెరికా హృద్రోగ సంఘాలు 2001లో ప్రవేశపెట్టి, 2022 మార్గదర్శకాల్లో సవరించిన ఏ, బీ, సీ, డీ వరుసను పరీక్షకులు అడుగుతారు. రక్తపోటో, మధుమేహమో ఉండి, గుండె నిర్మాణంలో ఇంకా ఏ మార్పూ లేని మనిషి స్టేజీ ఏ. లక్షణాలు ఎన్నడూ లేకపోయినా ఎకోలో గుండె దెబ్బతిన్నట్టు తేలితే స్టేజీ బీ. గుండెలో మార్పు ఉండి లక్షణాలు ఇప్పుడున్నా, ఇంతకుముందు ఎప్పుడైనా ఉన్నా స్టేజీ సీ. తగిన మందులన్నీ ఇచ్చినా ఏ కాస్త పనికీ ఆయాసపడుతూ, పదే పదే ఆసుపత్రిలో చేరాల్సి వచ్చే దశ స్టేజీ డీ. 2022 సవరణలో ఒక మాట కొత్తగా చేరింది: ఎకో మామూలుగా ఉన్నా, ముప్పు కారణాలున్న మనిషిలో నాట్రియురెటిక్ పెప్టైడ్ గానీ ట్రోపోనిన్ గానీ వేరే కారణమేదీ లేకుండా పెరిగి ఉంటే ఆ మనిషిని కూడా స్టేజీ బీలోనే చేర్చాలి. మీ దగ్గరున్న పాత పుస్తకంలో ఈ మాట ఉండకపోవచ్చు.

మన రైతు గుండెపోటు తర్వాతి రెండేళ్లు స్టేజీ బీలో ఉన్నారు. గట్టెక్కుతుంటే ఆయాసం వచ్చిన మొదటి రోజునే స్టేజీ సీలోకి వచ్చారు. అక్కడి నుంచి వెనక్కి రావడం ఉండదు. మందులతో ఆయాసం పూర్తిగా పోయినా ఆయన స్టేజీ సీలోనే ఉంటారు. పరీక్షకుడు ఎక్కువగా పట్టుకునేది ఈ ఒక్క చోటే. 'ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం, లక్షణాలు లేవు' అని ప్రశ్నలో ఉంటే జవాబు రాసేముందు ఒక్క క్షణం ఆగి, లక్షణాలు ఎన్నడూ లేవా, లేక మందులు వేసుకున్నాక పోయాయా అని వెతకండి. ఎన్నడూ లేకపోతే స్టేజీ బీ, వచ్చి పోతే స్టేజీ సీ క్లాసు ఒకటి. ఒకే ఎకో, ఒకే రోజు, జవాబులు రెండు.

న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ క్లాసు దీనికి భిన్నంగా ముందుకూ వెనక్కూ కదులుతుంది. మామూలు పనికి ఆయాసం రాకపోతే క్లాసు ఒకటి, మామూలు పనికి వస్తే రెండు, మామూలుకన్నా తక్కువ పనికే వస్తే మూడు, కూర్చుని ఉన్నా వస్తే నాలుగు. ఇందులో బరువంతా 'మామూలు పని' అన్న మాట మీద ఉంది. బరంపురం బజారులో కొట్టు మీద కూర్చునే వ్యాపారికి మామూలు పని ఒకటి, రోజూ కొండవాలు ఎక్కి దిగే మనిషికి మామూలు పని ఇంకొకటి. అందుకే కేసు చెప్పేటప్పుడు 'క్లాసు మూడు' అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. 'రెండు నెలల కిందట పొలం నుంచి ఆగకుండా రాగలిగిన మనిషి ఇప్పుడు బావి దగ్గరికి వెళ్లడానికే రెండుసార్లు ఆగుతున్నాడు' అని చెప్పి, ఆ తర్వాత క్లాసు చెప్పండి. వినే పరీక్షకుడికి మీరు రోగితో మాట్లాడారని తెలుస్తుంది. మన రైతు పది రోజుల కిందటిదాకా క్లాసు రెండు, ఈ రోజు క్లాసు నాలుగు, స్టేజీ మాత్రం సీ. క్లాసు నాలుగు అయింది కాబట్టి స్టేజీ డీ అని రాసేవాళ్లను ప్రతి ఏడాదీ చూశాను. మందులన్నీ సరిగా వేసుకుంటూ కూడా కోలుకోని మనిషిదే స్టేజీ డీ. మన రైతుకు జబ్బు ముదరడానికి తొలగించదగిన కారణం కళ్లెదుటే ఉంది.

ఎజెక్షన్ ఫ్రాక్షన్ లెక్క కూడా ఈ వరుసలోనే చెప్పేస్తాను. 40 శాతం, అంతకన్నా తక్కువ అయితే తగ్గిన ఫ్రాక్షన్, 41 నుంచి 49 దాకా స్వల్పంగా తగ్గినది, 50, ఆ పైన అయితే నిలిచి ఉన్నది. మొదట 40 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండి, చికిత్సతో కనీసం 10 పాయింట్లు పెరిగి 40 దాటితే దాన్ని మెరుగుపడిన ఫ్రాక్షన్ అనాలి. వచ్చే ఏడాది మన రైతు ఎకో 45 వస్తే 'స్వల్పంగా తగ్గినది' అని రాయకూడదు, 'మెరుగుపడినది' అని రాయాలి, ఎందుకంటే మెరుగుపడిన మనిషికి మందులు ఆపరు. కోలుకున్న డైలేటెడ్ కార్డియోమయోపతీ రోగుల్లో మందులు ఆపి చూసిన ట్రెడ్ హెచ్‌ఎఫ్ అధ్యయనంలో ఆరు నెలల్లోపే నలభై శాతానికి పైగా రోగులకు జబ్బు తిరగబెట్టింది.

ఇక మందులు. స్టేజీ వారీగా మందులను వేరువేరు గదుల్లో పెట్టి బట్టీపట్టకండి. ముందు స్టేజీలో మొదలైన మందు తర్వాతి స్టేజీలోనూ సాగుతుంది, దాని మీద కొత్తది చేరుతుంది. స్టేజీ ఏలో రక్తపోటును అదుపు చేస్తాం, మధుమేహంతో పాటు గుండెజబ్బు గానీ ఆ ముప్పు గానీ ఎక్కువగా ఉంటే ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకం ఇస్తాం. స్టేజీ బీలో, ఫ్రాక్షన్ 40 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నప్పుడు, లక్షణాలు లేకపోయినా ఏసీఈ నిరోధకమూ బీటా బ్లాకరూ మొదలుపెడతాం. మన రైతుకు గుండెపోటు కూడా ఉంది కనుక స్టాటిన్ చేరుతుంది. పై కేసులో స్టాటిన్ పేరు నేను కావాలనే ఇవ్వలేదు. పరీక్షకుడు కూడా అలా ఒకటి వదిలేసి 'ఈ మందుల చీటీలో ఏం లేదు?' అని అడుగుతాడు. గుండెపోటు రోగి కనుక యాస్పిరిన్ గురించీ అదే ప్రశ్న రావచ్చు.

స్టేజీ సీలో, ఫ్రాక్షన్ తగ్గిన రోగికి నాలుగు వర్గాలు కలిసి నిలబడాలి. రెనిన్ యాంజియోటెన్సిన్ వ్యవస్థను అడ్డుకునే మందు మొదటి వర్గం. అందులో వీలైతే సాక్యుబిట్రిల్ వాల్సార్టాన్, వీలు కాకపోతే ఏసీఈ నిరోధకం, దానితో దగ్గు వస్తే యాంజియోటెన్సిన్ రిసెప్టర్ బ్లాకర్. బీటా బ్లాకర్ రెండోది. అయితే ఏ బీటా బ్లాకర్ అయినా సరిపోదు, ఆయుష్షు పెంచినట్టు రుజువైనవి కార్వెడిలాల్, బైసొప్రొలాల్, నిదానంగా విడుదలయ్యే మెటొప్రొలాల్ సక్సినేట్ మాత్రమే. ఎటెనొలాల్ అని రాస్తే మార్కు పోతుంది, పోవడం న్యాయమే. మూడోది స్పైరనొలాక్టోన్ లేదా ఎప్లెరెనోన్, పొటాషియం 5.0 లోపు, ఈజీఎఫ్ఆర్ 30 పైన ఉంటేనే మొదలుపెట్టాలి. నాలుగోది ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకం, మధుమేహం లేకపోయినా ఇవ్వాలి. ఫ్రాక్షన్ నిలిచి ఉన్న రోగిలో రుజువు గట్టిగా ఉన్నది ప్రధానంగా ఈ నాలుగో వర్గానికే, దానికి తోడు నీరు తీసే మందు, రక్తపోటు అదుపు.

ఫ్యూరోసెమైడ్ ఈ నాలుగింటిలో లేదని గమనించండి. అది నీటిని తీసి ఆయాసం తగ్గిస్తుంది, కానీ మనిషిని ఎక్కువ కాలం బతికిస్తుందని దానికి రుజువు లేదు. అందుకే నీరు ఉన్నంతకాలం, ఉన్నంత మోతాదులో మాత్రమే ఇస్తాం. డిజాక్సిన్ కూడా 1997లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో ఆసుపత్రి చేరికలను తగ్గించింది గానీ మరణాలను తగ్గించలేదు. 'ఆయుష్షు పెంచే మందులు ఏవి, లక్షణాలు తగ్గించేవి ఏవి' అని వైవాలో అడిగితే గీత గీయవలసింది ఇక్కడే. స్టేజీ డీలో నాలుగు వర్గాలూ తట్టుకోలేని స్థితి వస్తుంది. అక్కడ ఐనోట్రోప్ డ్రిప్, గుండెకు తోడుగా అమర్చే పంపు, గుండె మార్పిడి, లేదా బాధ తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్న సంరక్షణ గురించి రాయాలి.

మీరు తడబడిన చోటు, నేను ఎక్కువ చెప్పదలచుకున్న చోటు మూడో ప్రశ్న. జబ్బు ముదిరిన రోగి దగ్గర నిలబడి రెండు సంగతులు తేల్చుకోవాలి. నీరు నిలిస్తే 'తడి', లేకపోతే 'పొడి'. రక్తం అవయవాలకు అందుతుంటే 'వెచ్చన', అందకపోతే 'చల్లన'. ఈ రెండింటి కలయికతో నాలుగు పరిస్థితులు వస్తాయి, మొదటి గంటలో ఇచ్చే చికిత్సను స్టేజీ గానీ క్లాసు గానీ కాక ఇవే నిర్ణయిస్తాయి.

తడి గుర్తులు వెతకడంలో మొదటి పని ప్రశ్నను రోగి ఇంటికి తగినట్టు అడగడం. 'ఎన్ని తలగడలు పెట్టుకుంటారు' అన్న పుస్తకం ప్రశ్న నులక మంచం మీదనో చాప మీదనో పడుకునే మనిషికి సరిపోదు. 'వెల్లకిలా పడుకోగలుగుతున్నారా, లేచి గోడకు ఆనుకుంటున్నారా, రాత్రి ఊపిరి అందక లేచి వాకిట్లోకి వస్తున్నారా' అని అడిగితే ఆర్థాప్నియా, రాత్రి ఆయాసం రెండూ బయటపడతాయి. 'చెప్పులు తొడుక్కోవడానికి వంగితే ఆయాసం వస్తోందా' అని కూడా అడగండి, అదీ నీరు నిలిచినదానికి గుర్తే. చాలామంది మనవాళ్లు కాలేయం ఉబ్బడం వల్ల కుడి పక్క బరువుగా ఉండి అన్నం సయించకపోవడాన్ని 'గ్యాస్ పట్టింది' అంటారు. ఆ మాట వినగానే మాత్ర రాసి పంపేయకుండా పొట్ట మీద చెయ్యి వేసి చూడాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. మన రైతు పది రోజుల్లో ఐదు కిలోలు పెరిగారు.

పరీక్షలో అన్నిటికన్నా నమ్మదగిన తడి గుర్తు మెడ నరం. రోగిని 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టి, మెడ కండరం సడలేలా తల కొద్దిగా ఎడమకు తిప్పించి, కుడి ఇంటర్నల్ జుగులర్ కదలిక పైకొసను చూడండి. స్టెర్నల్ యాంగిల్ నుంచి నిట్టనిలువుగా ఆ పైకొస దాకా కొలిచి, కర్ణిక అక్కడి నుంచి సుమారు 5 సెం.మీ. లోతులో ఉంటుంది కనుక ఐదు కలపండి. మన రైతుకు 7 సెం.మీ. ఉందనుకుందాం, మొత్తం 12 సెం.మీ. నీటి ఒత్తిడి. 8 దాటితే ఎక్కువ. కాలేయం దగ్గర పది పదిహేను సెకన్లు స్థిరంగా అదిమి ఉంచినప్పుడు ఆ కొస పైకి వెళ్లి అక్కడే నిలిచిపోతే అదీ తోడు గుర్తు. దీనికి మూడో గుండె శబ్దం కలిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

క్రెపిటేషన్ల సంగతికి వస్తాను. గుండె నెలల తరబడి బలహీనంగా ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లో లింఫ్ నాళాలు ఆ ఒత్తిడికి అలవాటుపడి పెద్దవై, చేరిన నీటిని తోడేస్తూ ఉంటాయి. అందువల్ల లోపల ఒత్తిడి బాగా ఎక్కువగా ఉన్నా వాయుకోశాల్లో నీరు నిలవకపోవచ్చు, స్టెతస్కోపుకు ఏమీ వినపడకపోవచ్చు. గుండెపోటుతో కొత్తగా దెబ్బతిన్న గుండెకు ఆ వ్యవధి ఉండదు కనుక అక్కడ క్రెపిటేషన్లు వస్తాయి. అంటే క్రెపిటేషన్లు ఉంటే అవి సాక్ష్యం, లేకపోతే అది నిరూపణ కాదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇదే తప్పు చేశాను. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని ఒక రోగిని సాయంత్రం ఇంటికి పంపాను, తెల్లవారుజామున ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఆ సాయంత్రం నేను మెడ చూడలేదు. ఆయన బతికారు, నేను అప్పటి నుంచి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టేముందు మెడ చూస్తాను.

ఇక వెచ్చన, చల్లన. చేతులు, కాళ్లు మోకాలి దాకా పట్టి చూడండి. మగత, మూత్రం తగ్గడం, సోడియం పడిపోవడం, క్రియాటినిన్ పెరగడం, నాడి ఒకటి బలంగా ఒకటి బలహీనంగా తగలడం చల్లని గుర్తులు. వీటికి తోడు చిన్న లెక్క ఒకటి ఉంది: పై రక్తపోటులోంచి కింది రక్తపోటు తీసేసి, వచ్చినదాన్ని పై రక్తపోటుతో భాగించండి. 25 శాతం కన్నా తక్కువ వస్తే గుండె పంపే రక్తం బాగా తగ్గిందని అనుమానించాలి. మన రైతు రక్తపోటు 132/84 ఉందనుకుందాం. తేడా 48, భాగిస్తే సుమారు 36 శాతం. చేతులు వెచ్చగా ఉన్నాయి, మాట స్పష్టంగా ఉంది. ఇది వెచ్చన తడి. డీకంపెన్సేషన్‌తో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలాగే వస్తారు.

రక్తపరీక్షలో సోడియం 131, క్రియాటినిన్ 1.0 నుంచి 1.5కి, పొటాషియం 5.7కి పెరిగింది. డైక్లోఫినాక్ ఇక్కడ రెండు వైపులా దెబ్బతీసింది. మూత్రపిండాల్లో ప్రోస్టాగ్లాండిన్లను ఆపేసి ఉప్పునూ నీటినీ నిలిపింది, ఫ్యూరోసెమైడ్ పనిని నీరుగార్చింది. మరోవైపు ఎనలాప్రిల్, స్పైరనొలాక్టోన్ ఉన్నచోట పొటాషియాన్ని ఇంకా పెంచింది. ఎండు చేపల ఉప్పు దానికి తోడైంది. 'ఈ రోగి ఎందుకు ముదిరాడు' అన్నది ప్రశ్నలో రాయకపోయినా మీరు జవాబులో రాయాలి. మందులు మానేయడం, ఉప్పు, నొప్పి మాత్రలు, ఛాతీ ఇన్ఫెక్షన్, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, కొత్త గుండెపోటు, రక్తహీనత, థైరాయిడ్ అనే వరుసను మనసులో పెట్టుకుని ఒక్కొక్కటి అడిగి కొట్టేయండి. ఈసీజీ తప్పనిసరి, పొటాషియం కోసమూ గుండెపోటు కోసమూ.

చికిత్సను వరుసగా రాద్దాం. డైక్లోఫినాక్ ఆపాలి. కూర్చోబెట్టి, ఆక్సిజన్ శాచురేషన్ 90 కన్నా తక్కువ ఉంటే ఆక్సిజన్ ఇవ్వాలి. ఫ్యూరోసెమైడ్ మాత్రను సిరలోకి మార్చాలి, ఎందుకంటే ఉబ్బిన పేగులోంచి మాత్ర ఆలస్యంగా ఒంటబడుతుంది. ఇంటి దగ్గర వేసుకునే మొత్తం రోజు మోతాదుకు ఒకటి నుంచి రెండున్నర రెట్లు ఇవ్వాలన్నది గుర్తుంచుకోవలసిన లెక్క. మన రైతు 40 మి.గ్రా. వేసుకుంటున్నారు కనుక 40 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు సిరలోకి ఇస్తే రెండు రెట్లు అవుతుంది. ఇచ్చి మరునాటి రౌండ్స్ దాకా ఎదురుచూడకూడదు. మొదటి ఆరు గంటల్లో గంటకు 100 నుంచి 150 మి.లీ. మూత్రమైనా రావాలి, రెండు గంటలకు పంపిన మూత్రపు నమూనాలో సోడియం 50 నుంచి 70 దాటాలి. రాకపోతే మోతాదు రెట్టింపు చేయాలి, ఆ తర్వాత థయజైడ్ తరహా మందు జోడించాలి. పై రక్తపోటు 110 దాటి ఉంది కనుక ఆయాసం తగ్గించడానికి నైట్రోగ్లిసరిన్ డ్రిప్ కూడా ఇవ్వవచ్చు.

పాత మందుల సంగతి ఇప్పుడు తేలికవుతుంది. పొటాషియం 5.7 ఉంది కనుక స్పైరనొలాక్టోన్ ఆపి, ఎనలాప్రిల్ సగానికి తగ్గించి, మరునాడు పొటాషియం మళ్లీ చూడాలి. కార్వెడిలాల్ కొనసాగించాలి. ఆయాసంతో వచ్చిన రోగికి బీటా బ్లాకర్ ఆపేయడం మంచిదని అనిపిస్తుంది గానీ, వెచ్చగా ఉన్న రోగిలో ఆపితే నష్టమే ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టకూడదు, పెంచకూడదు, ఉన్నదాన్ని ఊరికే ఆపకూడదు. ఈ మూడు ముక్కలూ విడివిడిగా అడుగుతారు.

పరీక్షకుడు ఇక్కడ అంకె ఒకటి మార్చి చూస్తాడు. అదే రైతు, అదే మెడ నరం, కానీ రక్తపోటు 92/76. తేడా 16, భాగిస్తే 17 శాతం. కాళ్లు చల్లగా ఉన్నాయి, పిలిస్తే మెల్లగా పలుకుతున్నారు, పొద్దుటి నుంచి మూత్రం చారెడు రాలేదు. ఇది చల్లన తడి. ఈ మనిషికి నైట్రోగ్లిసరిన్ ఇస్తే పడిపోతారు, ఒక్క ఫ్యూరోసెమైడే ఇస్తే మూత్రపిండానికి చేరేదే తక్కువ కనుక పని చేయదు. కార్వెడిలాల్ సగానికి తగ్గించాలి లేదా ఆపాలి, ఎనలాప్రిల్ ఆపాలి, డొబ్యుటమిన్ లాంటి ఐనోట్రోప్ మొదలుపెట్టి రక్తం అందేలా చేసి, దాంతోపాటే నీరు తీయాలి. ఐసీయూ ఉన్న చోటికి పంపే నిర్ణయం కూడా అప్పుడే తీసుకోవాలి. మన కొండ ప్రాంతాల చిన్న ఆసుపత్రుల్లో పనిచేయబోయే మీకు ఈ తేడా పరీక్ష తర్వాత కూడా అక్కరకొస్తుంది, ఎందుకంటే పర్లాకిమిడిలో వెచ్చన తడి రోగిని అక్కడే నిలబెట్టుకోవచ్చు, చల్లన తడి రోగిని పొద్దుపోకముందే బండెక్కించాలి. పొడిగా ఉండి చల్లగా ఉన్న రోగి అరుదు. అక్కడ ముందు అడగవలసింది నీరు తీసే మందు మోతాదు మించిందా అని. వెచ్చన పొడి రోగి నిలకడగా ఉన్నట్టే, అతనికి ఆయాసం ఉంటే ఊపిరితిత్తుల జబ్బో రక్తహీనతో వెతకాలి.

మొదటి కేసులోని రైతు దగ్గరికే తిరిగి వద్దాం. ఐదో రోజుకు బరువు 62.5 కిలోలు, మెడ నరం స్టెర్నల్ యాంగిల్‌కు 2 సెం.మీ. పైన, పొటాషియం 4.6, క్రియాటినిన్ 1.1. ఇంటికి పంపే ముందు నాలుగు వర్గాలూ మళ్లీ నిలబెట్టాలి. స్పైరనొలాక్టోన్ తిరిగి మొదలుపెట్టి, వారంలోపు పొటాషియం చూడాలి. ఎనలాప్రిల్ స్థానంలో సాక్యుబిట్రిల్ వాల్సార్టాన్ ఇవ్వదలిస్తే, ఎనలాప్రిల్ చివరి మాత్రకూ కొత్తదాని మొదటి మాత్రకూ మధ్య 36 గంటలు గడవాలి, లేకపోతే ముఖం, నాలుక వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఆ మందు వేసుకుంటున్న మనిషికి బీఎన్‌పీ దానంతటదే పెరుగుతుంది కనుక తర్వాత ఎన్‌టీ ప్రోబీఎన్‌పీనే చూడాలి. ఫ్యూరోసెమైడ్ తిరిగి మాత్రగా మార్చి ఒక రోజు ఉంచి చూడాలి. కార్వెడిలాల్ మోతాదును, నీరు పూర్తిగా పోయాక, రెండు వారాలకోసారి రెట్టింపు చేసుకుంటూ వెళ్లాలి. వెళ్లేరోజు ఆయన క్లాసు రెండు, స్టేజీ సీ.

చీటీ మీద మందులతో పాటు రెండు మాటలు తెలుగులో రాసివ్వండి. రోజూ పొద్దున్నే కాలకృత్యాల తర్వాత బరువు చూసుకుని, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం కోసం ఎదురుచూడకుండా రమ్మని ఒకటి. మోకాళ్ల నొప్పికి పారాసెటమాల్ తప్ప దుకాణంలో అడిగి ఏదీ కొనవద్దని ఇంకొకటి. ఆసుపత్రి నుంచి వెళ్లిన వారం లోపు మళ్లీ చూపించుకునే తేదీ అంకెల్లో రాయండి. ఆయన భార్యకూ చదివి వినిపించండి, ఎండు చేపలు వండేది ఆవిడే.